బిల్లు డబ్బులు అడిగే మెయిల్: సారీలు తీసేస్తే మర్యాద పోతుందా?

స్వాతి_రాజమండ్రి

అందరికీ నమస్కారం. ఇంటి దగ్గరే డీటీపీ పని చేస్తాను. విజయవాడలో స్కూలు పుస్తకాలు వేసే ఒక ప్రచురణ సంస్థకు ఏడో తరగతి సాంఘిక శాస్త్రం వర్క్‌బుక్ టైప్‌సెట్ చేసిచ్చాను. 212 పేజీలు, పేజీకి 70 రూపాయలు. బిల్లు ఇచ్చిన 30 రోజుల్లో డబ్బు ఇస్తామని వాట్సాప్‌లో రాశారు. జూన్ 10న ఫైళ్లు పంపాను, 12న బిల్లు పంపాను. ఇప్పుడు ఆగస్టు వచ్చింది. డబ్బు రాలేదు. ఎనిమిదో తరగతి పుస్తకం పని మాత్రం మొదలుపెట్టమంటున్నారు.

ఎడిటర్ గారు పెద్దాయన, నన్ను బాగానే చూస్తారు. అందుకే అడగడానికి మొహమాటం. మెయిల్ రాసి డ్రాఫ్టులో పెట్టుకున్నాను. మా తమ్ముడు చదివి "ఇది డబ్బు అడిగినట్టు లేదు, తప్పు ఒప్పుకున్నట్టుంది" అన్నాడు. ఉన్నదున్నట్టు పెడుతున్నాను, ఎలా మార్చాలో చెప్పండి.

> విషయం: చిన్న విషయం సార్
>
> నమస్తే సార్. మీరు కులాసాగా ఉన్నారని తలుస్తాను. ముందుగా మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్నందుకు క్షమించండి. మీరు చాలా బిజీగా ఉంటారని నాకు తెలుసు. అడగడానికి కొంచెం మొహమాటంగా ఉంది, దయచేసి అన్యథా భావించకండి. మొన్న చేసిన ఏడో తరగతి పుస్తకం బిల్లు సంగతి వీలైతే ఒకసారి చూస్తారేమోనని. బహుశా నేనే సరిగా పంపలేదేమో కూడా. ఒకవేళ మీరు ఇప్పటికే వేసి ఉంటే క్షమించండి. ఇప్పుడు కుదరకపోతే వచ్చే నెలయినా పర్వాలేదు. పెద్ద మొత్తమేమీ కాదు గానీ, ఇంట్లో కొంచెం అవసరాలు ఉండి అడుగుతున్నాను. అలాగే ఎనిమిదో తరగతి పని కూడా తప్పకుండా చేస్తాను సార్, రేటు కొంచెం పెంచితే బాగుండునేమో, పెంచకపోయినా పర్వాలేదు. ఏమైనా తప్పుగా రాసి ఉంటే మన్నించండి.
>
> ఇట్లు, స్వాతి

హన్మకొండ_కిరణ్

అక్కా, మూడు చోట్ల క్షమాపణ ఉంది, రెండు చోట్ల పర్వాలేదు ఉంది. మీరు చేసిన తప్పేంది? పని చేసిన్రు, డబ్బు రాలేదు, అంతే. మా ఆఫీసులో ఇట్ల రాస్తే ఎవరూ చదవరు. ఇది పంపండి:

> సార్, ఏడో తరగతి వర్క్‌బుక్ బిల్లు ఇంకా ఎందుకు కట్టలేదు? శుక్రవారం లోపు కట్టండి. లేకపోతే ఎనిమిదో తరగతి పని మొదలుపెట్టను.

రెండు లైన్లు చాలు. టెన్షన్ పడకుండా పంపేయండి.

స్వాతి_రాజమండ్రి

కిరణ్ గారూ, చిన్నగా ఉండాలన్నది అర్థమైంది. కానీ "ఎందుకు కట్టలేదు" అని ఆయన్ని నేను అడగలేను. మళ్లీ పని కావాలి కదా.

మాధవి_టీచర్

నాకూ ఇదే సమస్య. ప్రైవేటు స్కూల్లో పని చేస్తున్నాను. సెలవు కావాలని ప్రిన్సిపాల్ గారికి మెయిల్ పెట్టాలంటే పేజీ నిండా కారణాలు రాస్తాను. మా అత్తగారి ఆరోగ్యం, పాప జ్వరం, బస్సు దొరకకపోవడం, అన్నీ. చివరికి సెలవు ఏ రోజు కావాలో రాయడం మర్చిపోతాను. స్వాతి గారూ, మీరు కూడా ఇంట్లో అవసరాలేమిటో వివరంగా రాస్తే పెద్దాయన అర్థం చేసుకుంటారేమో. మనసున్న మనిషి అంటున్నారు కదా.

బెజవాడ_శాస్త్రి

అమ్మా స్వాతీ, ప్రింటింగ్, ప్రచురణ సంస్థల అకౌంట్స్‌లోనే పనిచేసి రిటైరయ్యాను. ఇలాంటి మెయిళ్లు వచ్చి పడే సీటు నాదే. అక్కడ కూర్చున్నవాడు దీన్ని ఎలా చదువుతాడో చెబుతాను.

ఎడిటర్ గారు మీ మెయిల్‌ను అకౌంట్స్‌కి ఫార్వర్డ్ చేస్తారు. ఆయన చేసేది అంతే, ఆయన చేతిలో చెక్కుబుక్కు ఉండదు. అకౌంట్స్ అతను తెరిచి బిల్లు నంబరు వెతుకుతాడు. లేదు. తారీఖు వెతుకుతాడు, "మొన్న" అని ఉంది. మొత్తం వెతుకుతాడు, "పెద్ద మొత్తమేమీ కాదు" అని ఉంది. ఇక గడువు చూస్తాడు, "వచ్చే నెలయినా పర్వాలేదు" అని మీరే రాశారు. టేబుల్ మీద ఆ వారం కట్టాల్సినవి పది ఉంటే, మీది పదకొండోది. అతనికి మీ మీద కోపం ఏమీ లేదు. మీరు ఆగుతానన్నారు, పేపర్ డీలర్ ఆగనన్నాడు. డీలర్‌కి కడతాడు.

అందుకే క్షమాపణలు ఎన్ని ఉన్నాయన్నదాని కంటే, వాటిని కొట్టేస్తే ఏం మిగులుతుందన్నది చూడండి. మీ మెయిల్‌లో మర్యాద వాక్యాలన్నీ తీసేస్తే మిగిలేది ఒక్కటే: "ఏడో తరగతి పుస్తకం బిల్లు సంగతి చూస్తారేమోనని." అది కూడా పూర్తికాని వాక్యం. అడిగేది వాక్యంగా కూడా పూర్తికాకపోతే అవతలివాడు దాన్ని పనిగా తీసుకోడు.

మాధవి గారూ, ఇంటి అవసరాల మాట ఇక్కడ వద్దండి. అది రాస్తే డబ్బు సాయం అడిగినట్టవుతుంది. ఇది చేసిన పనికి రావాల్సిన సొమ్ము. ఇంట్లో అవసరం ఉన్నా లేకపోయినా రావాలి. మీ సెలవు సంగతి వేరు, అక్కడ కారణం ఒక్కటి కావాలి. కానీ తారీఖు మొదటి వాక్యంలో పెట్టండి, కారణం దాని తర్వాత ఒక్కటే రాయండి. ఎక్కువ రాస్తే అందులో ఏది అసలుదని అడుగుతారు.

నీరజ_ప్రూఫ్

శాస్త్రి గారు చెప్పింది అక్షరాలా నిజం. నేను హైదరాబాద్‌లో ప్రూఫ్ రీడింగ్ చేస్తాను, బిల్లులు వెంటపడి వసూలు చేసుకోవడం నా ఉద్యోగంలో సగం.

కిరణ్ గారి డ్రాఫ్ట్‌లో నిడివి సరిగ్గా ఉంది, గడువు ఉంది. ఆ రెండూ తీసుకోవాలి. చెడిందెక్కడంటే "ఎందుకు కట్టలేదు" దగ్గర. ఆ ప్రశ్నకు జవాబు డబ్బు కాదు, సంజాయిషీ. ఆయన సంజాయిషీ రాసి పంపిస్తే మీరు మళ్లీ మొదటికి వస్తారు. పైగా వాళ్లు కట్టారో లేదో మనకు నిజానికి తెలియదు. ఖాతా నంబరు తప్పుపడి డబ్బు వెనక్కి పోయి ఉండొచ్చు. నాకు ఒకసారి అలాగే అయింది. మనకు కచ్చితంగా తెలిసింది ఒక్కటే, మన ఖాతాలోకి రాలేదు. అదే రాయాలి: "నా ఖాతాలో ఇంకా జమ కాలేదు." ఎవరి మీదా నింద లేదు, వాస్తవం మాత్రం సూటిగా ఉంది.

కానీ ఈ పద్ధతి వాస్తవం చెప్పేటప్పుడే. అడిగేటప్పుడు కూడా ఇలాగే రాస్తే దెబ్బతింటాం. "త్వరగా జమ అయితే బాగుంటుంది" అంటే ఎవరు చేయాలి? ఎవరూ కాదు. అక్కడ "జమ చేయించండి" అని ఆయన్నే అడగాలి. ఎడిటర్ గారికి రాస్తున్నారు కాబట్టి "చేయండి" కంటే "చేయించండి" సరిపోతుంది, చేసేది అకౌంట్స్ వాళ్లు కాబట్టి.

స్వాతి_రాజమండ్రి

"చేయించండి" అంటే ఆర్డర్ వేసినట్టు ఉండదా? "చేయించగలరు" అనొచ్చా?

నీరజ_ప్రూఫ్

చూడండి స్వాతి గారూ, గౌరవం అంతా ఆ "అండి"లోనే ఉంది. పైన "గారూ" ఉంది, మాటమాటకీ "మీరు" ఉంది. ఇంత మర్యాద వాక్యం లోపలే ఉన్నప్పుడు దాని చుట్టూ "దయచేసి, అన్యథా భావించకండి, వీలైతే" అని మళ్లీ కట్టక్కర్లేదు. ఇంట్లో పెద్దవాళ్లతో "కూర్చోండి, భోజనం చేయండి" అంటాం. అది ఆర్డర్ అని ఎవరైనా అనుకున్నారా?

"చేయించగలరు" నాకు నచ్చదు. "ప్రయాణికులు గమనించగలరు" అన్నట్టు ఉంటుంది. ఆయనతో మీకున్న పరిచయానికి అది దూరంగా వినిపిస్తుంది.

బెజవాడ_శాస్త్రి

ఇక్కడ నీరజ గారితో నేను ఏకీభవించను. మా తరం వాళ్లకు "జమ చేయించగలరు" అనేది ఉత్తరాల్లో ఉన్న మాటే. ఎడిటర్ గారు పెద్దాయన అంటున్నారు, ఆయనకు అది చల్లగానే వినిపిస్తుంది. కానీ "చేయించగలరా?" అని ప్రశ్నార్థకం పెట్టొద్దు. పెడితే "చూద్దాం" అనే జవాబు వస్తుంది.

నీరజ_ప్రూఫ్

ప్రశ్నార్థకం వద్దన్నది ఒప్పుకుంటాను. "గలరు" విషయంలో నా మాట నాదే. స్వాతి గారికి ఏది నోటికి వస్తే అది రాసుకోనిద్దాం.

డాలస్_సుధ

నేను ఇక్కడ ఆఫీసులో నేర్చుకున్న చిట్కా ఒకటి. సారీ చెప్పాలనిపించిన ప్రతిచోటా థాంక్స్ చెప్పాలి. "ఆలస్యానికి సారీ" బదులు "మీ ఓపికకు థాంక్స్". స్వాతి గారు కూడా "ఇబ్బందికి క్షమించండి" తీసేసి "మీ విలువైన సమయానికి, ఓపికకు ధన్యవాదాలు" అని పెడితే బాగుంటుంది.

నీరజ_ప్రూఫ్

సుధ గారూ, మనవల్ల అవతలివాళ్లు ఆగాల్సి వచ్చినప్పుడు ఆ చిట్కా పనికొస్తుంది. ఇక్కడ ఆగింది స్వాతి గారు. ఓపిక పట్టింది ఆవిడ. ఆవిడే వాళ్లకు "మీ ఓపికకు ధన్యవాదాలు" అని రాస్తే అర్థం తిరగబడిపోతుంది. మెయిల్ చివర "ధన్యవాదాలు" ఒక్కటి ఉంటే చాలు.

బైండింగ్_రమణ

గుంటూరులో బైండింగ్ వర్క్స్ నడుపుతాను. మీరందరూ సారీ వద్దంటున్నారు. మొన్న నేను ఒక స్కూలు డైరీల ఆర్డరు నాలుగు రోజులు లేటుగా ఇచ్చాను. లామినేషన్ మిషన్ చెడిపోయింది. ఇప్పుడు నేను బిల్లు డబ్బులు అడగాలి. నేను కూడా సారీ లేకుండా అడగాలా? అది బాగుండదు కదా.

బెజవాడ_శాస్త్రి

రమణ గారూ, మీరు సారీ చెప్పాలి. నిజంగా లేటయింది కదా. కానీ ఒక్కసారి, దేనికో స్పష్టంగా చెప్పి, ఆ వాక్యాన్ని అక్కడితో ముగించండి. "డైరీలు ఒప్పుకున్న తేదీకి నాలుగు రోజులు ఆలస్యంగా అందించాం, అందుకు క్షమించండి." అయిపోయింది. తర్వాత కొత్త పేరాలో బిల్లు మాట. "లేటయింది కాబట్టి మీకు తోచినంత ఇవ్వండి" అని మాత్రం రాయకండి. చాలామంది క్షమాపణలోంచి నేరుగా తగ్గింపులోకి జారిపోతారు. తగ్గింపు ఇవ్వాలనుకుంటే ఎంతో అంకె రాసి ఇవ్వండి, లేదంటే ఆ మాట ఎత్తకండి. వాళ్లు అడిగితే అప్పుడు చూసుకుందురు. వీలైతే క్షమాపణ మెయిల్ ఒకరోజు ముందే వేరుగా పంపండి, ఇంకా మంచిది.

స్వాతి గారి మెయిల్‌లో ఉన్న మూడు క్షమాపణలకూ కారణమే లేదు. ఒకటి మెయిల్ రాసినందుకు, ఒకటి వాళ్లు కట్టి ఉంటారేమోనని, ఒకటి ఏదైనా తప్పు రాసి ఉంటానేమోనని. జరగని తప్పుకు క్షమాపణ చెబితే చదివేవాడు తప్పేదో జరిగే ఉంటుందనుకుంటాడు. "నేనే సరిగా పంపలేదేమో" అన్నారు చూడండి, అకౌంట్స్ అతనికి అంతకంటే మంచి సాకు దొరకదు. "బిల్లు సరిగా రాలేదు మేడమ్, మళ్లీ పంపండి" అంటాడు. గడువు మళ్లీ ఆ రోజు నుంచి లెక్క.

హన్మకొండ_కిరణ్

సరే, ఎందుకు కట్టలేదు అనేది తీసేద్దాం. కానీ చట్టం ఉంది కదా. చిన్న సంస్థలకు 45 రోజుల్లో కట్టకపోతే వడ్డీతో సహా ఇవ్వాలి. ఆ సెక్షన్ నంబర్ మెయిల్‌లో మొదటి లైన్‌లోనే పెడితే రేపే పడతాయి.

బెజవాడ_శాస్త్రి

బాబూ, చట్టం ఉన్నమాట నిజమే. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టంలో సెక్షన్ 15 అది. రాతపూర్వకంగా గడువు ఒప్పుకుంటే ఆ గడువు, అదీ 45 రోజులు దాటకూడదు. ఒప్పందం లేకపోతే 15 రోజులు. దాటితే సెక్షన్ 16 కింద రిజర్వ్ బ్యాంక్ రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. కానీ దానికి ముందు మీరు చిన్న సంస్థల నమోదుకు ప్రభుత్వం పెట్టిన ఉద్యమ్ పోర్టల్‌లో నమోదై ఉండాలి. స్వాతీ, నీకు ఉద్యమ్ ఉందా?

స్వాతి_రాజమండ్రి

లేదు సార్. అది ఫ్యాక్టరీలకు అనుకున్నాను.

బెజవాడ_శాస్త్రి

సేవలు చేసేవాళ్లకు కూడా వర్తిస్తుంది. ఆధార్, పాన్‌తో ఆన్‌లైన్‌లో మీరే చేసుకోవచ్చు, రుసుము లేదు. మధ్యవర్తులకు డబ్బు ఇవ్వకండి. ఇప్పుడే చేసుకుని, ఇక నుంచి ప్రతి బిల్లు మీద ఆ నంబరు వేయండి. ఎనిమిదో తరగతి పనికి ఉపయోగపడుతుంది. ఈ బిల్లు పని మాత్రం ముందే అయిపోయింది, దీనికి చట్టాన్ని నమ్ముకోవద్దు.

బిల్లు మీద ఆ నంబరు ఉంటే మెయిల్‌లో చట్టం మాట ఎత్తకుండానే పని జరుగుతుంది. 2024 ఏప్రిల్ నుంచి ఆదాయపు పన్నులో కూడా ఒక నిబంధన వచ్చింది. సూక్ష్మ, చిన్న సంస్థలకు గడువు లోపల కట్టని సొమ్మును, కట్టేదాకా ఖర్చుగా చూపించుకోలేరు. అందుకని మార్చి దగ్గరపడేకొద్దీ ఆడిటర్లే "ఉద్యమ్ ఉన్న బిల్లులు ముందు కట్టేయండి" అంటారు.

మొదటి గుర్తుచేసే మెయిల్‌లో సెక్షన్ నంబర్ పెడితే ఎడిటర్ గారు దాన్ని యజమానికి చూపిస్తారు. అక్కడితో ఇది డబ్బు సంగతి కాకుండా పంతం సంగతి అవుతుంది. అది మూడో మెయిల్‌కో నాలుగో మెయిల్‌కో దాచుకోవాల్సిన మాట.

నీరజ_ప్రూఫ్

ఇక మెయిల్ రాద్దాం. ముందుగా ఒకటి. స్వాతి గారూ, మీ మెయిల్‌లో రెండు పనులున్నాయి: పాత బిల్లు, కొత్త పని రేటు. రెండూ ఒకేచోట ఉంటే ఆయన సులువైనదానికి జవాబిస్తారు. "రేటు సంగతి మాట్లాడదాం, పని మొదలుపెట్టండి" అని వస్తుంది, బిల్లు ఊసే ఉండదు. రేటు మెయిల్ తర్వాత వేరుగా పంపండి.

నా డ్రాఫ్ట్ ఇది:

> విషయం: బిల్లు నం. 17, జూన్ 12, రూ. 14,840 చెల్లింపు గురించి
>
> నమస్కారం ఎడిటర్ గారూ,
>
> ఏడో తరగతి సాంఘిక శాస్త్రం వర్క్‌బుక్ 212 పేజీల ఫైళ్లు జూన్ 10న మీకు అందాయి. దానికి జూన్ 12న పంపిన బిల్లు నం. 17 మొత్తం రూ. 14,840. మనం అనుకున్న 30 రోజుల గడువు జూలై 12తో ముగిసింది. డబ్బు నా ఖాతాలో ఇంకా జమ కాలేదు.
>
> ఆగస్టు 10లోగా జమ చేయించండి. బిల్లులో ఏదైనా సవరణ అవసరమైతే చెప్పండి, అదే రోజు మార్చి పంపిస్తాను. బిల్లు కాపీ, బ్యాంకు వివరాలు మళ్లీ జత చేశాను.
>
> ధన్యవాదాలు,
> స్వాతి

బిల్లు నంబరు నేను ఊహించి వేశాను, మీది వేసుకోండి. "మనం అనుకున్న" అన్నమాట కావాలనే పెట్టాను. గడువు మీరు పెట్టింది కాదు, ఇద్దరూ కలిసి ఒప్పుకున్నది. ఆయన వాట్సాప్ మెసేజ్ గుర్తుకొస్తుంది.

బెజవాడ_శాస్త్రి

బాగుంది. రెండు మార్పులు. అకౌంట్స్ మెయిల్ ఐడీ తెలిస్తే దాన్ని కూడా కాపీలో పెట్టండి, ఫార్వర్డ్ అయ్యేదాకా ఆగక్కర్లేదు. ఇక కొత్త మెయిల్‌గా పంపకండి. జూన్ 12న బిల్లు పంపిన మెయిల్ ఉంది కదా, దానికే రిప్లై కొట్టి విషయం మార్చండి. కింద పాత మెయిల్ తారీఖుతో సహా కనిపిస్తుంది. "బిల్లు రాలేదు" అనే మాటకు ఆస్కారమే ఉండదు, మీరు వాదించాల్సిన పనీ ఉండదు.

ఇంకో ప్రశ్న కలిపితే నాకు ఇష్టం: "బిల్లు మీ దగ్గర పాసై అకౌంట్స్‌కి వెళ్లిందా?" చాలా సంస్థల్లో ఎడిటర్ సంతకం పడితేగానీ బిల్లు అకౌంట్స్‌కి పోదు. సంతకం కోసం ట్రేలో పడి ఉండే బిల్లులే ఎక్కువ. ఈ ఒక్క ప్రశ్నతో ఎక్కడ ఆగిందో బయటపడుతుంది.

నీరజ_ప్రూఫ్

ఆ ప్రశ్న మెయిల్‌లో వద్దు శాస్త్రి గారూ, ఫోన్‌లో అడగమందాం. మెయిల్‌లో పెడితే ఆయన దానికే జవాబిచ్చి ఊరుకుంటారు. ఇప్పుడే మీరు ప్రశ్నార్థకం వద్దన్నారు.

బెజవాడ_శాస్త్రి

అదీ నిజమే. ఫోన్‌లోనే అడగండి.

స్వాతి_రాజమండ్రి

చదువుతుంటే గుండె దడగా ఉంది కానీ, ఎక్కడా అమర్యాద కనిపించడం లేదు. "మీరు కులాసాగా ఉన్నారని తలుస్తాను" అన్నది మాత్రం ఉంచుకోవచ్చా? అది లేకుండా ఆయనకు ఎప్పుడూ రాయలేదు.

నీరజ_ప్రూఫ్

ఉంచుకోండి. అది పలకరింపు, అడిగేదాన్ని ఏమీ తగ్గించదు. వెనక్కి లాగే మాటలు వేరు: వీలైతే, కుదిరితే, బహుశా, ఏమో, కొంచెం, పర్వాలేదు. అవి అడిగే వాక్యంలో ఉన్నాయా అని మాత్రం చూసుకోండి. "ఆగస్టు 10లోగా వీలైతే జమ చేయించండి" అని మీ చేయి మళ్లీ అక్కడికే పోతుంది, పంపేముందు ఆ ఒక్క వాక్యం బయటికి చదవండి.

మాధవి_టీచర్

స్వాతి గారూ, ఆగస్టు 10 అని రాశారు, ఆ రోజు రాకపోతే ఏం చేస్తారు? నేను ప్రిన్సిపాల్ గారికి ఇలా తేదీ రాస్తే నన్నే ఇరుకున పెడతారేమోనని భయం.

బెజవాడ_శాస్త్రి

మంచి ప్రశ్న. తేదీ పెట్టేది బెదిరించడానికి కాదు, మళ్లీ ఎప్పుడు అడగాలో మనకే తెలియడానికి. తేదీ లేకపోతే రోజూ "ఇవాళ అడగనా, రేపు అడగనా" అని నలిగిపోతాం, చివరికి అడిగినప్పుడు మళ్లీ క్షమాపణతోనే మొదలుపెడతాం. తేదీ ఉంటే 11న ఉదయం ఫోన్ చేస్తారు. "మెయిల్‌లో 10 అని రాశాను సార్, జమ కాలేదు, బిల్లు పాసయిందా?" అంతే. గొంతు పెంచక్కర్లేదు.

తేదీ పెట్టేటప్పుడు వాళ్లు డబ్బు కట్టే రోజు తెలుసుకుని దానికి ముందు మెయిల్ చేరేలా చూసుకోవాలి. చాలా చోట్ల వారానికి ఒకరోజే పేమెంట్లు వేస్తారు. శనివారం వేసేవాళ్లకు శుక్రవారం సాయంత్రం మెయిల్ పెడితే ఇంకో వారం పోయినట్టే.

హన్మకొండ_కిరణ్

మరి ఎనిమిదో తరగతి పని? డబ్బు వచ్చేదాకా ముట్టుకోవద్దని నా అభిప్రాయం. అది కూడా మెయిల్‌లో రాయాలె.

నీరజ_ప్రూఫ్

పని ఆపడం వరకు నేనూ మీతోనే కిరణ్ గారూ. మొదటి మెయిల్‌లో రాయడం మాత్రం వద్దు. ఆయన అడిగినప్పుడు చెప్పండి: "బిల్లు 17 జమ అయిన రోజు నుంచి మొదలుపెడతాను." తిట్టు లేదు, షరతు ఉంది.

బెజవాడ_శాస్త్రి

నేనైతే ఆపను. ప్రచురణ వాళ్లకు సీజన్ దాటితే పుస్తకం పనికిరాదు, ఆ పని ఇంకొకరికి పోతుంది. 20 పేజీలు చేసి చూపించి అక్కడ ఆగమంటాను. ఇది స్వాతి ఇంటి లెక్క చూసుకుని తేల్చుకోవాల్సింది.

స్వాతి_రాజమండ్రి

పంపేశాను. నీరజ గారి డ్రాఫ్టే, కులాసా వాక్యం కలిపి, పాత మెయిల్‌కి రిప్లైగా. అకౌంట్స్ ఐడీ కూడా కాపీలో పెట్టాను. సాయంత్రానికి ఎడిటర్ గారి నుంచి ఇది వచ్చింది:

> అమ్మా, బిల్లు నా దగ్గరే ఉండిపోయింది, ఇవాళ సంతకం పెట్టి పంపాను. అకౌంటెంట్ సెలవులో ఉన్నాడు. 14న వేయిస్తాను. ఎనిమిదో తరగతి ఎప్పుడు మొదలుపెడతావు?

కోపం ఏమీ లేదు. ఇప్పుడు దీనికి ఏం రాయాలి? "పర్వాలేదు సార్, మీ వీలు చూసుకుని వేయండి" అని టైప్ చేసి ఆపాను.

బెజవాడ_శాస్త్రి

ఆపి మంచి పని చేశావు. అది పంపితే 14 అనే తేదీని నువ్వే చెరిపేసినట్టు. ఇలా రాయి:

> ధన్యవాదాలు సార్. ఆగస్టు 14 అని నోట్ చేసుకున్నాను. జమ కాగానే మెయిల్ పెడతాను.

నాలుగు రోజులు పెరిగినా ఇప్పుడు తేదీ ఆయన నోటి నుంచి వచ్చింది. నువ్వు చెప్పిన 10 కంటే ఆయన చెప్పిన 14 గట్టిది.

హన్మకొండ_కిరణ్

ఎనిమిదో తరగతి ప్రశ్నకు జవాబు?

నీరజ_ప్రూఫ్

అది వేరే మెయిల్‌లో, రేటుతో కలిపి. స్వాతి గారూ, "రేటు కొంచెం పెంచితే బాగుండునేమో" అని మాత్రం వద్దు. ఎంత కావాలో మీకు తెలుసా?

స్వాతి_రాజమండ్రి

పేజీకి 85 అనుకుంటున్నాను. ఎనిమిదో తరగతిలో పటాలు, పట్టికలు ఎక్కువ. పట్టికలున్న పేజీ మామూలు పేజీకి రెట్టింపు సమయం తీసుకుంటుంది. మూడో ప్రూఫ్ కూడా ఉచితంగా దిద్దించుకుంటున్నారు.

నీరజ_ప్రూఫ్

ఇంకేం, మెయిల్ మీరే చెప్పేశారు. ఇలా పెట్టండి:

> ఎనిమిదో తరగతి వర్క్‌బుక్‌కు పేజీకి రూ. 85 చొప్పున చేస్తాను. ఇందులో పటాలు, పట్టికలు ఉన్న పేజీలు ఎక్కువ. ఈ రేటులో రెండు ప్రూఫ్‌ల దిద్దుబాట్లు ఉంటాయి. మూడో ప్రూఫ్ నుంచి పేజీకి రూ. 10 అదనం. మీరు సరేనంటే ఆగస్టు 17న మొదలుపెడతాను.

17 అంటే 14 తర్వాతే. డబ్బు మాట ఎత్తకుండానే క్రమం అదే అవుతుంది.

బెజవాడ_శాస్త్రి

85 అంటే 75కు బేరమాడతారు. 90 అని మొదలుపెట్టమంటాను.

నీరజ_ప్రూఫ్

పెంచి చెప్పి తగ్గించుకోవడం నాకు పడదు. ఒకసారి 90 నుంచి 80కి దిగితే తర్వాతి పుస్తకానికి మీ అంకెను ఎవరూ నమ్మరు. కావాల్సింది 85 అయితే 85 అనే రాసి, వాళ్లు తగ్గించమంటే మూడో ప్రూఫ్ అదనం తీసేస్తాననండి, రేటు మాత్రం కదపకండి.

స్వాతి_రాజమండ్రి

85 అనే పెడుతున్నాను. 14న ఏమైందో ఇక్కడే రాస్తాను. రమణ గారూ, మీ డైరీల మెయిల్ కూడా పెట్టండి, శాస్త్రి గారు చూస్తారు.

బైండింగ్_రమణ

రాత్రి షాపు కట్టేశాక పెడతానమ్మా. క్షమాపణ ఒక్క వాక్యంలో ఆపడం అనుకున్నంత తేలిక కాదు, మూడుసార్లు రాసి కొట్టేశాను.